ఒకే తూటా, రెండు మందులు

పాయింట్ త్రీ నాట్ త్రీ అనగానే మనకు గుర్తొచ్చేది పోలీసు స్టేషన్ ముందు సెంట్రీ భుజాన ఉండే పొడవాటి తుపాకి. మన దేశంలో పోలీసులు దశాబ్దాల పాటు మోసిన ఆ రైఫిల్ తూటా ఒక పెద్ద మార్పుకు సాక్షి. దాని పుట్టుకలో మొదట వాడిన మందు ఒకటి, రెండు మూడేళ్లకే వచ్చి చేరిన మందు మరొకటి. ఇత్తడి డొప్ప అదే, ముందున్న గుండు బరువు అదే, తుపాకి కూడా అదే. లోపలి మందు మాత్రమే మారింది. అందుకే పాత తుపాకి మందు ఎందుకు పోయింది, పొగలేని మందు దాన్ని ఎందుకు తోసేసింది అని తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

బ్రిటిష్ సైన్యం 1888లో లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్‌ను తీసుకున్నప్పుడు, దాని తూటాలో ఉన్నది సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన పాత మందే. దాన్ని గింజలుగా పోస్తే ఆ చిన్న డొప్పలో చాలినంత పట్టలేదు. గట్టిగా అదిమి బిళ్లగా చేసి, నిప్పు లోపలికి పాకడానికి మధ్యలో నిలువునా ఒక రంధ్రం పెట్టి కూర్చారు. ఆ బిళ్ల బరువు సుమారు 4.6 గ్రాములు. 1891లో అదే డొప్పలోకి కార్డైట్ అనే కొత్త మందు వచ్చింది. అది పొడి కాదు, బిళ్ల కాదు. సేమ్యా పోగుల్లా సన్నని తీగల కట్ట. దాని బరువు సుమారు 2 గ్రాములు. సగం కన్నా తక్కువ.

ఫలితం చూడండి. దాదాపు 14 గ్రాముల గుండును పాత మందు సెకనుకు సుమారు 564 మీటర్ల వేగంతో పంపేది. కొత్త మందు సుమారు 600 మీటర్ల వేగంతో పంపింది. లెక్క కడితే గుండుకు అందిన శక్తి ఎనిమిదో వంతు దాకా పెరిగింది. అంటే గ్రాము మందుకు వచ్చిన పని రెండున్నర రెట్లు. ఒక మందులో ఏం వృథా అవుతోంది, రెండోదానిలో ఏం మిగులుతోంది?

(ఒక చిన్న మాట. ఇంగ్లీషులో పాత మందును బ్లాక్ పౌడర్ అంటారు. తెలుగులో నల్లమందు అంటే అభిని కనుక, ఇక్కడ దాన్ని పాత మందు అనే పిలుస్తాను.)

సగానికి పైగా వాయువు కాదు

తుపాకిలో గుండును తోసేది మంట కాదు, వాయువు. మందు కాలి, వేడి వాయువుగా మారి, చోటు చాలక గుండును ముందుకు నెడుతుంది. కాబట్టి మందులో ఎంత భాగం వాయువుగా మారుతుందన్నదే అసలు ప్రశ్న.

దీన్ని 1870లలో బ్రిటన్‌కు చెందిన ఇద్దరు కొలిచారు. ఒకరు ఫిరంగుల నిపుణుడు ఆండ్రూ నోబుల్, మరొకరు రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ ఏబెల్. గట్టి ఉక్కు పాత్రలో మందును మూసి కాల్చారు. ఏదీ బయటికి పోకుండా పట్టి, వాయువును వేరుగా, అడుగున మిగిలినదాన్ని వేరుగా తూచారు. బరువులో సుమారు 43 శాతమే వాయువు. మిగతా 57 శాతం ఘనపదార్థం.

కారణం సురేకారంలోనే ఉంది. పాత మందులో మూడొంతులు అదే. బొగ్గు, గంధకం మండడానికి కావలసిన ఆక్సిజన్‌ను మోసుకొచ్చేది అదే. కానీ ఆ ఆక్సిజన్‌తో పాటు పొటాషియం కూడా వస్తుంది. మంట చల్లారాక పొటాషియం వాయువుగా ఉండలేదు. కార్బొనేట్, సల్ఫేట్, సల్ఫైడ్ అనే లవణాలుగా మారి గడ్డకడుతుంది.

ఇప్పుడు మన తూటాకు వద్దాం. 4.6 గ్రాముల బిళ్లలో దాదాపు 2.6 గ్రాములు గుండును తోసే వాయువుగా మారనే లేదు. మరి ఆ 2.6 గ్రాములు ఎక్కడికి పోయాయి? కొంత సన్నని రేణువులై గాలిలోకి ఎగిరింది. దాన్ని మనం పొగ అన్నాం. కొంత గొట్టం గోడలకు అంటుకుంది. దాన్ని మసి అన్నాం. పొగ, మసి అని రెండు ఫిర్యాదులుగా చెప్పుకుంటాం గానీ, రెండూ ఒకే పదార్థం. బయటికి పోయింది పొగ, లోపల మిగిలింది మసి.

పొగ పట్టించిన ఆచూకీ

దీపావళి రాత్రి వీధంతా కమ్మే తెల్లటి పొగ, ముక్కుకు తగిలే గంధకపు వాసన మనకు తెలిసినవే. ఆ పొగ వేలమంది సైనికులు వరుసగా నిలబడి కాల్చే మైదానం మీద పరుచుకుంటే ఏమవుతుందో ఊహించవచ్చు. రెండు మూడు వరుసలు కాల్చేసరికి ఎదుట ఏముందో కనిపించదు. గాలి వీచకపోతే పొగ తొలగేదాకా ఆగాలి, లేదా గుడ్డిగా కాల్చాలి. వేగంగా కాల్చగల తుపాకులు వచ్చాక ఇది ఇంకా పెద్ద అడ్డంకి అయింది. నిమిషానికి పది గుండ్లు పేల్చగల ఆయుధం చేతిలో ఉండీ, మూడో గుండుకే గురి కనిపించకపోతే ఆ వేగం ఎందుకు?

అంతకన్నా ప్రమాదం ఇంకొకటి. పొగ మన కళ్లకు అడ్డం పడటమే కాదు, మనం ఎక్కడున్నామో శత్రువుకు చూపిస్తుంది. ఇది కళ్లకు కట్టినట్టు తేలింది 1898 జూలై 1న, క్యూబాలో ఎల్ కానే అనే ఊరి దగ్గర. అమెరికా, స్పెయిన్ మధ్య యుద్ధం. స్పెయిన్ సైనికుల చేతిలో 7 మిల్లీమీటర్ల మౌజర్ రైఫిళ్లు, వాటిలో పొగలేని మందు. అమెరికా శాశ్వత సైన్యం చేతిలోనూ కొత్త రైఫిళ్లే ఉన్నాయి. కానీ మసాచుసెట్స్ రాష్ట్రం నుంచి వచ్చిన రెండో వాలంటీర్ రెజిమెంట్‌కు ఇచ్చినవి పాత మందుతో పేలే స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లు. వాళ్లు కాల్చిన ప్రతిసారీ తెల్లటి పొగ లేచింది. పొగ లేచిన చోటికల్లా స్పెయిన్ గుండ్లు వచ్చాయి. ఎటునుంచి వస్తున్నాయో చూద్దామంటే అటువైపు పొగ లేదు. చివరికి ఆ రెజిమెంట్‌ను కాల్పుల వరుస నుంచి వెనక్కి తప్పించవలసి వచ్చింది. వాళ్ల ధైర్యంలో లోపం లేదు. వాళ్ల తూటాలో సగానికి పైగా వాయువు కాని పదార్థం ఉంది, అంతే.

మసి, కొవ్వు, 1857

గొట్టంలో మిగిలిన మసి సంగతి ఇంకా మొండిది. పొడి వాతావరణంలో అది గచ్చులా గట్టిపడి పెచ్చుకడుతుంది. తేమ ఉన్నచోట పొటాషియం లవణాలు నీటిని పీల్చుకుంటాయి. వానాకాలంలో మూత పెట్టని ఉప్పు జాడీ చెమర్చినట్టే గొట్టం లోపల నల్లటి మడ్డి తయారవుతుంది. అందులోని సల్ఫైడ్, తేమ కలిసి ఇనుమును తింటాయి. సాయంత్రం కాల్చిన తుపాకిని కడగకుండా పెడితే తెల్లారేసరికి తుప్పు ఎక్కడం మొదలవుతుంది. అందుకే ఆ కాలపు సైనికుడి దినచర్యలో గొట్టంలో వేడి నీళ్లు పోసి కడగడం ఒక భాగం.

నునుపు గొట్టం ఉన్న పాత తుపాకిలో గుండు వదులుగా ఉండేది కాబట్టి కొంత మసిని ఓర్చుకునేవాళ్లు. రైఫిల్ రాగానే చిక్కు వచ్చింది. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. గుండు వాటిని పట్టుకుని తిరుగుతూ వెళ్తేనే గురి తప్పదు. గాడుల్లో మసి నిండితే గుండుకు పట్టు దొరకదు. మూతి నుంచి గుండును దిగగొట్టే తుపాకుల్లో అయితే కొన్ని గుండ్లు కాల్చాక తరువాతి గుండు లోపలికి దిగనే దిగదు.

దీనికి అప్పటివాళ్లు కనిపెట్టిన ఉపాయం కొవ్వు. గుండు ఉన్న చివర కాగితపు తూటాకు కొవ్వు, మైనం పూస్తే, గుండు జారుగా దిగుతుంది, మసి మెత్తబడుతుంది. 1850లలో మన దేశానికి వచ్చిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటాలు అలాంటివే. ఆ తూటా చివర నోటితో కొరికి చింపి మందు పోసుకోవాలి. పూసింది ఆవు కొవ్వా, పంది కొవ్వా అన్న అనుమానం 1857లో సిపాయిల తిరుగుబాటుకు నిప్పురవ్వ అయింది. ఆ తిరుగుబాటుకు కారణాలు చాలా ఉన్నాయి. కానీ తూటాకు కొవ్వు పూయవలసిన అవసరం ఎందుకు వచ్చిందని అడిగితే, జవాబు గొట్టంలో పేరుకున్న పొటాషియం మసి దగ్గరికే వెళ్తుంది.

మన లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్ పేరులోని మెట్‌ఫర్డ్ కూడా ఈ మసితో పోరాడినవాడే. విలియం ఎల్లిస్ మెట్‌ఫర్డ్ రూపొందించిన గాడులు లోతు తక్కువగా, మూలలు లేకుండా గుండ్రంగా ఉంటాయి. మూల ఉన్నచోట మసి చేరుతుంది, తుడిచినా పోదు. గుండ్రటి గాడిని గుండు తనంతట తానే తుడుచుకుంటూ పోతుంది. వంటగిన్నె అడుగు మూలల్లో పేరుకున్న మాడు, గుండ్రటి మూకుడులో పేరుకోదు కదా, అలాగే.

చితుకులు, దుంగ

మసి, పొగ సంగతి అలా ఉంచి, మందు కాలే తీరును చూడాలి. బురదలో దిగబడ్డ బండిని ఒక్క ఊపున గుద్దితే చక్రం విరుగుతుంది గానీ బండి కదలదు. భుజం ఆనించి, అది కదిలేకొద్దీ వెంబడే నెట్టుకుంటూ పోవాలి. గుండు కథ కూడా అంతే. అది ముందుకు జరిగేకొద్దీ దాని వెనుక ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని నింపడానికి వాయువు అప్పటికప్పుడు పుడుతూనే ఉండాలి. మందంతా మొదటే కాలిపోతే గొట్టం మొదట్లో ఒత్తిడి విపరీతంగా ఉండి, చివర్లో తోపు మిగలదు.

పాత మందు గింజ అంటుకోగానే మంట గింజ నుంచి గింజకు చిటికెలో పాకుతుంది. తరువాత ప్రతి గింజా పైనుంచి లోపలికి కాలుతూ చిన్నదవుతుంది. చిన్నదయ్యేకొద్దీ కాలే ఉపరితలం తగ్గుతుంది, పుట్టే వాయువు తగ్గుతుంది. సరిగ్గా గుండుకు వెనుక నుంచి ఎక్కువ తోపు కావలసినప్పుడే మందు నీరసిస్తుంది. పైగా చుట్టూ ఒత్తిడి పెరిగినా పాత మందు కాలే వేగం పెద్దగా మారదు. గింజలను పెద్దవి చేసి, అదిమి, మధ్యలో రంధ్రం పెట్టి ఆ నీరసాన్ని సవరించడానికి చాలా ప్రయత్నాలు జరిగాయి. పాయింట్ త్రీ నాట్ త్రీ బిళ్లకు ఉన్న రంధ్రం అలాంటిదే. బిళ్ల బయటివైపు చిన్నదవుతుంటే, రంధ్రం లోపల పెద్దదవుతుంది. కానీ బిళ్ల చితికిపోతే ఆ లెక్క తప్పుతుంది.

పొగలేని మందుకు మూలమైన పదార్థం అప్పటికి నలభై ఏళ్లుగా తెలుసు. 1846లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో క్రిస్టియన్ షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త దూదిని ఆమ్లాలతో మార్చి గన్‌కాటన్ కనిపెట్టాడు. అందులో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ మాత్రమే. పొటాషియం లేదు. అందువల్ల అది కాలితే దాదాపు మొత్తం వాయువే. పొగ లేదు, మసి లేదు. అందరూ ఆశపడ్డారు. కానీ తుపాకిలో పెట్టి కాలిస్తే గొట్టాలు పగిలాయి. తయారుచేసే కర్మాగారాలే పేలాయి. 1847లో ఇంగ్లండ్‌లోని ఫేవర్‌షామ్ కర్మాగారం పేలి పనివాళ్లు చనిపోయారు.

తప్పు పదార్థానిది కాదు, దాని రూపానిది. దూది పోగుల మధ్య అంతా గాలి సందులే. మంట ఆ సందుల్లోకి చొరబడి అన్ని పోగులనూ ఒకేసారి అంటిస్తుంది. పొయ్యిలో చితుకులు వేస్తే భగ్గుమని ఒక్క క్షణంలో అయిపోతాయి. అదే బరువున్న దుంగ గంటసేపు కాలుతుంది. కర్ర అదే, మంటకు దొరికిన ఉపరితలమే వేరు.

ఈ చితుకును దుంగగా మార్చినవాడు ఫ్రాన్స్‌కు చెందిన పాల్ వియేల్. 1884లో ఆయన ఆ పదార్థాన్ని ద్రావకంతో నానబెట్టి, పోగు అన్నది లేకుండా ముద్దగా చేసి, మామిడి తాండ్రలా పలచగా పరిచి, ఆరాక చిన్న బిళ్లలుగా కోయించాడు. ఎండాక అది పశువు కొమ్ములా గట్టిగా, సందు లేకుండా ఉంటుంది. మంట లోపలికి దూరడానికి దారి లేదు. పైనుంచి పొర పొరగా కాలవలసిందే. బిళ్ల మందం ఎంత ఉంచితే అంతసేపు కాలుతుంది. మందు కాలే సమయం తయారీదారు చేతిలోకి వచ్చిన క్షణం అది. రెండేళ్లకు, 1886లో, ఫ్రాన్స్ ఈ మందుతో 8 మిల్లీమీటర్ల లెబెల్ రైఫిల్‌ను తెచ్చింది. అంతకుముందు వాళ్లు వాడిన గ్రా రైఫిల్ గుండు వ్యాసం 11 మిల్లీమీటర్లు. మిగతా దేశాలన్నీ ఉలిక్కిపడి అదే దారి పట్టాయి. బ్రిటన్‌లో 1889లో కార్డైట్ రూపొందించినవాళ్లు ఇద్దరు. ఒకరు జేమ్స్ డ్యూవర్. రెండోవారు, పాత మందులో 57 శాతం వృథా అని తూచి చూపిన ఫ్రెడరిక్ ఏబెలే.

కొత్త మందుకు ఇంకో గుణం ఉంది. ఆరుబయట అంటిస్తే నిదానంగా, పసుపు మంటతో కాలుతుంది. మూసిన తూటాలో ఒత్తిడి పెరిగేకొద్దీ కాలే వేగం కూడా పెరుగుతుంది. అందుకే కొద్దిపాటి మందు అంత తోపు ఇస్తుంది. ఆ వేగాన్ని అదుపులో పెట్టేది మందు ముక్క ఆకారం. తీగలా ఉంటే కాలేకొద్దీ సన్నబడి వాయువు తగ్గుతుంది. బోలు గొట్టంలా ఉంటే బయట తగ్గింది లోపల పెరిగి దాదాపు సమానంగా ఉంటుంది. ఎక్కువ రంధ్రాలు ఉంటే కాలేకొద్దీ వాయువు పెరుగుతుంది కూడా.

ప్రమాదం కూడా ఈ గుణంలోనే ఉంది. ఒత్తిడి పెరిగితే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పాత మందు కోసం చేసిన తుపాకిలో అదే కొలతకు పొగలేని మందు పోస్తే గొట్టం చేతిలోనే పగులుతుంది. పాత తుపాకులు పట్టుకున్నవాళ్లు వేళ్లు, కళ్లు పోగొట్టుకున్న ప్రమాదాల వెనుక ఈ పొరపాటు చాలాసార్లు కనిపిస్తుంది. రెండూ మందే అయినా, ఒకదానికి బదులు మరొకటి కాదు.

గెలుపుకు కట్టిన మూల్యం

మసి తగ్గడంతో గుండును సన్నగా చేయడం సాధ్యమైంది. పాత మందుతో సన్నని గొట్టం కొద్ది తూటాలకే పూడుకుపోయేది. వేగం పెరగడంతో మెత్తని సీసపు గుండు గాడుల్లో నిలవక ఒరుసుకుపోతుంది కాబట్టి, దానికి గట్టి లోహపు తొడుగు వచ్చింది. సన్నని గుండు, ఎక్కువ వేగం, తిన్నని దారి. సైనికుడు అదే బరువుకు ఎక్కువ తూటాలు మోయగలిగాడు.

కానీ మెట్‌ఫర్డ్ గాడులకు మాత్రం ఆ గెలుపు గిట్టలేదు. మసి చేరకుండా ఎంతో ఆలోచించి లోతు తగ్గించి, గుండ్రంగా చేసిన గాడులు అవి. కార్డైట్‌లో నైట్రోగ్లిజరిన్ సగానికి పైగా ఉండేది. దాని మంట ఎంత వేడి అంటే, ఉక్కు ఉపరితలాన్నే కోసుకుంటూ పోయేది. లోతు లేని గాడి త్వరగా అరిగి నునుపైపోయింది. గురి తప్పడం మొదలైతే గొట్టం అరిగిందని అర్థం. 1895లో అదే తుపాకికి ఎన్‌ఫీల్డ్ కర్మాగారం లోతైన, మూలలు ఉన్న అయిదు గాడులు వేసింది. పేరు లీ-ఎన్‌ఫీల్డ్ అయింది. మన పోలీసుల భుజాన మిగిలిపోయిన పేరు అదే. మసి పోయింది కాబట్టి మూలలంటే భయం లేదు. తరువాతి కార్డైట్‌లో నైట్రోగ్లిజరిన్‌ను 30 శాతానికి తగ్గించి వేడిని కూడా తగ్గించారు.

శుభ్రం చేసే పని కూడా పూర్తిగా తీరలేదు. తూటా వెనుక సూది తగిలితే నిప్పు పుట్టించే ప్రైమర్‌లో అప్పట్లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలి పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పుగా మారి గొట్టంలో మిగిలేది. చూడ్డానికి గొట్టం శుభ్రంగా మెరుస్తుంది, మసి కనిపించదు, సైనికుడు తుడవకుండా పక్కన పెడతాడు. రెండు రోజులకు తుప్పు. పాత మందు కాలంలో మసి కళ్లకు కనిపించేది కనుక కడిగేవాడు. ఇప్పుడు కనిపించనిదాన్ని కడగాలని నేర్పవలసి వచ్చింది. బ్రిటిష్ సైన్యంలో గరాటు పెట్టి గొట్టంలో మరిగే నీళ్లు పోసే అలవాటు అలా కొనసాగింది. ఉప్పును కరిగించేది నూనె కాదు, నీళ్లే.

ఇంకొక లోపం నిల్వలో బయటపడింది. పాత మందును తడి తగలకుండా దాచితే తరాలు గడిచినా పాడవదు. పొగలేని మందు మాత్రం నెమ్మదిగా తనంతట తాను కుళ్లుతుంది. కుళ్లినప్పుడు ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం కుళ్లును ఇంకా పెంచుతుంది, వేడి పుడుతుంది. డబ్బా మూత తీయగానే ఘాటైన పులుపు వాసన, ఎర్రటి గోధుమరంగు పొగ కనిపిస్తే మందు చెడిపోయిందని గుర్తు. ఫ్రాన్స్ నౌకాదళం దీనికి ఘోరమైన మూల్యం చెల్లించింది. తూలాన్ రేవులో 1907లో ఇయేనా, 1911లో లిబెర్తే అనే యుద్ధనౌకలు లోపలి మందు పేలి నాశనమయ్యాయి. ఆ తరువాత కుళ్లును ఆపే పదార్థాలు కలపడం, తరచూ పరీక్షించడం, వేడి తగలకుండా నిల్వచేయడం తప్పనిసరి అయ్యాయి. మన దేశంలో కార్డైట్ కర్మాగారాన్ని మైదానాల ఎండకు దూరంగా, నీలగిరుల్లో కూనూరు దగ్గరి అరువంకాడులో కట్టారు. ఆ చల్లని కొండల్లో అది ఇప్పటికీ ఉంది.

ఓడిన మందు మిగిలిన చోటు

ఇన్ని చిక్కులున్నా ఎవరూ వెనక్కి తిరిగి పాత మందుకు వెళ్లలేదు. వేడికి గొట్టాన్ని గట్టిగా చేసుకోవచ్చు, కుళ్లుకు మందు కలపవచ్చు, ఉప్పుకు నీళ్లు పోయవచ్చు. కానీ ఏం చేసినా సురేకారంలోంచి పొటాషియాన్ని తీసేయలేం. తీస్తే అది సురేకారం కాదు. పాత మందు ఓటమి దాని కూర్పులోనే రాసి ఉంది.

అయినా అది మొత్తంగా పోలేదు. పెద్ద యుద్ధనౌకల ఫిరంగుల్లో కార్డైట్ సంచుల చివర చిన్న పాత మందు సంచి కుట్టేవాళ్లు. కార్డైట్ గట్టిది, నిదానంగా అంటుకుంటుంది. దాన్ని నలుమూలలా ఒకేసారి అంటించాలంటే ఎర్రగా కాలిన ఘన రేణువులు చిమ్మే మంట కావాలి. వాయువు ఒక్కటే అయితే తగిలి జారిపోతుంది, రేణువు అంటుకుని కాలుస్తుంది. ఎల్ కానేలో సైనికుల ఆచూకీ పట్టిచ్చినవీ, ఎన్‌ఫీల్డ్ గాడులను పూడ్చినవీ ఆ పొటాషియం రేణువులే. తుపాకిలో దాన్ని ఓడించిన గుణమే, నిప్పు అంటించే పనిలో దానికి చోటు మిగిల్చింది.